సర్దుకునే గంట

మా పిన్ని బట్టలు కుడుతుంది. ముప్ఫై ఏళ్లుగా అదే మిషన్, అదే కిటికీ, అదే చత్వారపు కళ్లజోడు. కానీ మా వీధిలో ఆమెను ఎవరూ దర్జీ అనరు. జెండా పిన్ని అంటారు. మధ్యలో కొన్నాళ్లు రెడ్ పిన్ని అని కూడా అన్నారు. ఆ మాట నా ముందు అన్నవాళ్లతో నేను ఇప్పటికీ సరిగా మాట్లాడను. నాకు కోపం ఎక్కువ, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మా వీధి వాగు పక్కన, పల్లంలో ఉంది. నలభై రెండు ఇళ్లు. వీధి ఈ చివర పంపు గది, దాని మీద చిన్న మేడ, మేడ మీద ఇనప గొట్టం. ఆ చివర మెరక మీద బడి. వాన పెద్దదైతే మేమంతా చేరాల్సింది ఆ బడికే. మధ్యలో దూరం ఎంతో లేదు, ఏడెనిమిది నిమిషాల నడక. నడక మొదలుపెడితేనే లెండి.

జెండాల పని పిన్నికి ఎలా వచ్చిందంటే, ఒక ఏడాది వార్డు ఆఫీసువాళ్లు ప్రతి పల్లపు వీధికీ నాలుగు రంగుల జెండాలు పెట్టాలన్నారు. గుడ్డ ఇచ్చారు, కుట్టేవాళ్లు కావాలన్నారు. పిన్ని కుట్టింది. కుట్టిన మనిషివి నువ్వే ఎగరెయ్యి అన్నారు. మా పిన్ని ఎవరికీ కాదని చెప్పలేదు. చుట్టుకొలతలు తప్పు చెప్పి, రవిక బిగుతైందని పోట్లాటకొచ్చిన ఆడవాళ్లకు కూడా నాదే పొరపాటు అని విప్పి కుట్టిచ్చే రకం. నోట్లో నాలుక లేని మనిషి చేతిలో పెట్టారు వీధి ప్రాణాలు.

వాతావరణ ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చి బడిలో మా అందరికీ పాఠం చెప్పింది. నేనూ వెళ్లాను. మందుల షాపులో నా డ్యూటీ అప్పుడు మధ్యాహ్నం నుంచి ఉండేది.

"ఆకుపచ్చ అంటే మీరేమీ చెయ్యక్కర్లేదు, మీ పని మీరు చూసుకోండి" అంది ఆవిడ. "పసుపు అంటే గమనిస్తూ ఉండండి. పనులు మానక్కర్లేదు, కానీ కబురు వింటూ ఉండాలి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి, కాగితాలు, మందులు ఒక కవర్లో కట్టి గుమ్మం దగ్గర పెట్టండి, బండి మెరక మీద పెట్టండి, లేవలేని పెద్దవాళ్లని అప్పుడే తరలించెయ్యండి, అవసరం లేని ప్రయాణాలు మానండి. ఎరుపు అంటే ఇంక సిద్ధపడే టైం అయిపోయింది. కదలాలి. మెయిన్ స్విచ్ చేతికందితే ఆపి, తలుపేసి, బడికి రావాలి. పారే నీళ్లలో దిగకూడదు."

కుక్కర్లు బాగుచేసే బాబాయ్, మేమంతా కుక్కర్ బాబాయ్ అంటాం, లేచి అడిగాడు. "ఎన్ని అంగుళాల వాన పడితే ఎరుపండీ?"

"వాన కొలత ఒక్కటే చూడం" అంది ఆవిడ. "ముప్పు ఎంత పెద్దది, అది వచ్చే అవకాశం ఎంత, రెండూ కలిపి రంగు వేస్తాం. చిన్న ఇబ్బంది ఖాయంగా వచ్చేలా ఉన్నా పసుపే అవ్వచ్చు, పెద్ద ముప్పు వస్తుందేమోనని కొంచెం అనుమానం ఉన్నా పసుపే అవ్వచ్చు. అదే వాన ఎండిన నేల మీద పడితే ఒక రంగు, నాలుగు రోజులుగా నానిన నేల మీద పడితే ఇంకో రంగు."

"అంటే ఎరుపు వేశాక కూడా వాన తప్పిపోవచ్చా?"

"తప్పిపోవచ్చు. అలా తప్పిపోయిన రోజు మీరు నన్ను తిట్టుకోండి, నేనేమీ అనుకోను. కానీ బడిలో కూర్చుని తిట్టుకోండి."

అందరూ నవ్వారు. మా అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. పిన్ని నవ్వలేదు, అన్నీ చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటోంది.

మా అమ్మ పిన్నికి సొంత అక్క. ఇస్త్రీ చేసేది. వాగు వైపు వెనక గది, వీధి వైపు ముందు గది, ముందు గదిలో బల్ల, బల్ల మీద బరువైన ఇస్త్రీపెట్టె, చుట్టూ ఊళ్లోవాళ్ల బట్టల మూటలు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పిన్ని పెళ్లి చేసుకోలేదు, మా ఎదురింట్లోనే ఉండేది. నన్ను పెంచింది ఇద్దరూ. అమ్మది పెద్ద నోరు, పిన్నికి ఆ నోరే రక్ష. పిన్నిని ఎవరైనా ఒక మాటంటే అమ్మ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే బయటికి వచ్చేది.

జెండాలు వచ్చిన మరుసటి ఏడు మొదటి ఎరుపు పడింది. పిన్ని మెసేజ్ చదివి, మేడెక్కి, ఎర్ర జెండా కట్టి ఈల ఊదింది. వీధి మొత్తం పరుగు. ఒకరు స్టవ్ ఆర్పడం మరిచిపోయారు, ఒకరు చెప్పులు లేకుండా వచ్చారు. రోజంతా బడి గచ్చు మీద కూర్చున్నాం. మబ్బు పక్కకి పోయింది. మా మీద పడింది ఓ మోస్తరు వాన. సాయంత్రం ఉసూరుమంటూ ఇళ్లకు వెళ్తే, అమ్మ ఇంటి కప్పు కారి ఒక పెళ్లివారి బట్టల మూట తడిసి, రంగు దిగి, పాడైపోయి ఉంది. ఆ పెళ్లివారు అమ్మని నానా మాటలూ అన్నారు. అమ్మ ఎవరి దగ్గరా తల దించిన మనిషి కాదు. ఆ రోజు దించింది.

వారం తిరక్కుండా వీధి మీటింగ్ పెట్టారు. పంపు గది అరుగు మీద. ఒక్కొక్కరు పిన్ని మీద పడ్డారు. చెప్పాపెట్టకుండా ఎరుపు ఎగరేస్తే ఎలా, ఒక మాట ముందు ఉండొద్దా అని. పిన్ని మెసేజ్ చూపించింది. ఎవరు చూస్తారు దాన్ని.

అప్పుడు మా అమ్మ లేచి అంది. "దీన్నెందుకు అంటారు, దీని తప్పేముంది. నేనొకటి చెప్తాను వినండి. సిద్ధపడ్డాక కదా కదిలేది. ఆరెంజ్ లేకుండా ఎరుపొస్తే సిద్ధపడేదెప్పుడు? ఇకనుంచి ఎరుపొచ్చినా మా చెల్లి ముందు ఆరెంజ్ కడుతుంది. గంట ఉంచుతుంది. ఆ గంటలో సర్దుకుంటాం. తర్వాత ఎరుపు కడుతుంది, పోతాం. సరేనా?"

అంత సబబుగా వినిపించింది ఆ మాట. నేనూ తలూపాను. పిన్ని మాత్రం, "అక్కా, ఆవిడ అలా చెప్పలేదే. ఎరుపంటే టైం అయిపోయినట్టే అంది" అని గొణిగింది.

"ఆవిడకేం, ఆఫీసులో కూర్చుని చెప్తుంది. ఆవిడింట్లో ఎవరి బట్టలున్నాయే?"

అంతే. వీధి చప్పట్లు కొట్టింది. వార్డు గుమాస్తాకి తెలిసింది, మీ వీధి మీ ఇష్టం అని చేతులు దులుపుకున్నాడు. దానికి పేరు కూడా పెట్టుకున్నాం, సర్దుకునే గంట అని. రెండేళ్లు దాని అవసరమే రాలేదు. పసుపులు వచ్చాయి, పోయాయి. రెండు మూడు ఆరెంజ్‌లు వచ్చాయి, అవి ఎరుపు కాకుండానే దిగిపోయాయి. మాకు రంగులు మెట్లలాగా అలవాటైపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతాయని, మధ్య మెట్టు ఎప్పుడూ ఉంటుందని.

మూడో ఏడు, నాలుగు రోజులు వదలని ముసురు. నేల నానిపోయి ఉంది. ఐదో రోజు పొద్దున పసుపు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి పిన్ని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎరుపు. వాగు పైన ఎక్కడో కుంభవృష్టి పడుతోంది. మా దగ్గర అప్పటికి జల్లు కూడా సరిగా లేదు. పిన్ని మేడెక్కింది. పసుపు దించింది. రెండు జెండాలూ చేతిలో ఉన్నాయి, ఎర్రదీ, నారింజదీ. నారింజ కట్టింది.

ఎందుకు కట్టావని నేను తర్వాత ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అనుకున్నాం కదే అని తప్ప ఇంకో మాట రాలేదు ఆమె నోటినుంచి.

ఆ మెసేజ్ ఇంకొందరి ఫోన్లకీ వచ్చింది. ఎరుపు అని కళ్లతో చదివారు. చదివి మేడ వైపు చూశారు. నారింజ కనిపించింది. ఇంకా గంట ఉందిలే అనుకున్నారు. చేతిలో ఉన్న మాట కంటే మేడ మీద ఉన్న గుడ్డనే నమ్మారు, ఎందుకంటే ఆ గుడ్డ మాది, మా ఒప్పందం.

మా అమ్మది బటన్ల ఫోన్. ఆమె గుమ్మంలోంచి జెండా చూసింది, పక్కింటామెతో "గంటుంది, మూటలు అటక మీద పెట్టేసి వస్తా" అంది. అదే ఆమె బయటివాళ్లతో అన్న ఆఖరి మాట. నిజానికి ఆమె ఆరెంజ్ చెప్పినట్టే చేసింది. ఏం చెయ్యమన్నారో అది తు.చ. తప్పకుండా చేసింది.

నీళ్లు నలభై నిమిషాలకు వచ్చాయి. వానతో కాదు, వాగుతో. మా ఇంటి వెనక గోడ లోపలికి కూలింది. మిగతావాళ్లు మేడలెక్కి, చూరులు పట్టుకుని, ఎలాగో బతికి బయటపడ్డారు. నలభై రెండు ఇళ్లలో పోయింది ఒక్క మనిషి. మర్నాడు పొద్దున అమ్మని తీశారు. నేను షాపులో ఉన్నాను, రోడ్డు తెగిపోయి రాలేకపోయాను. అటక మీద మూటలు మాత్రం ఒక్కటి కూడా తడవలేదు. ఎవరివి వాళ్లు వచ్చి తీసుకుపోయారు, మడత చెదరని ఇస్త్రీ బట్టలు.

నేను పిన్నితో ఏడాది మాట్లాడలేదు. మా ఇల్లు కూలాక ఆమె పక్కింట్లోనే అద్దెకు దిగాను, గోడ అవతల మిషన్ చప్పుడు వినిపిస్తే నా ఒళ్లు మండేది. అమ్మ అడిగిన గంట అమ్మనే మింగిందని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం, అమ్మ మీద కోప్పడితే వినేదెవరు. పిన్ని ఎదురుగా ఉంది, పైగా ఎంతన్నా పడుతుంది. అందుకని ఆమె మీద కోప్పడ్డాను.

సర్దుకునే గంట ఆ రోజుతో పోయింది. ఇంకెప్పుడూ దాని మాట ఎవరూ ఎత్తలేదు. కానీ మరుసటి వానాకాలానికి పిన్నికి కొత్త జబ్బు పట్టుకుంది. పసుపు వస్తే ఎరుపు కట్టేది. నారింజ వస్తే ఎరుపు కట్టేది. ఒకసారి ఏ మెసేజూ లేకుండా, మబ్బు పట్టిందని ఎరుపు కట్టి ఈల ఊదింది. మొదటిసారి వీధంతా బడికి వెళ్లింది. రెండోసారీ వెళ్లింది. మూడోసారి సగం మంది. ఐదోసారికి రేడియో తాత ఒక్కడే వెళ్లాడు, ఆయన కూడా బడి వరండాలో గాలి బావుంటుందని వెళ్లాడు. ఆయన చెవి దగ్గర ఎప్పుడూ రేడియో ఉంటుంది, వినబడేది మాత్రం తక్కువ.

అప్పుడు పెట్టారు రెడ్ పిన్ని అన్న పేరు. జెండా ఎగిరితే పిల్లలు బట్టలు ఆరేయడానికి మంచి రోజని వెక్కిరించేవాళ్లు. పెద్దవాళ్లు తిట్టలేక, పాపం అక్క పోయిన బాధ అని ఊరుకునేవాళ్లు. ఆ ఊరుకోవడమే నాకు భయం వేసింది. తిడుతున్నంతసేపు జెండాని చూస్తున్నట్టే. ఊరుకున్నారంటే చూడ్డం మానేసినట్టు.

వార్డు గుమాస్తా వచ్చి, "ఏమ్మా, ఇంకోసారి లేని రంగు కడితే జెండాలు తీసేసుకుంటాం, వేరే మనిషిని పెడతాం" అని కాగితం ఇచ్చి పోయాడు. నేను ఆ కాగితం పట్టుకుని పిన్ని గదిలోకి వెళ్లాను. ఏడాది తర్వాత మొదటిసారి ఆ గడప దాటడం.

గదిలో వేడి ఇస్త్రీ వాసన వస్తోంది. తడి గుడ్డ మీద పెట్టె పెడితే వచ్చే వాసన. నేను చుట్టూ చూశాను. పిన్ని దగ్గర ఇస్త్రీపెట్టె లేదు, ఎప్పుడూ లేదు, అవసరమైతే అమ్మ దగ్గరికే పంపేది. మిషన్ మీద కుట్టని గుడ్డ ఉంది, అంతే.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా పిన్నీ నీకు?" అన్నాను.

"కూర్చోవే. ఎన్నాళ్లయింది వచ్చి."

"కూర్చోడానికి రాలేదు. నిజంగా ఎరుపు వచ్చిన రోజు ఎవరు కదుల్తారు ఇక్కడ? అందరినీ చెవిటివాళ్లని చేశావు."

పిన్ని మిషన్ మీది గుడ్డ నిమిరి మడత పెట్టింది. తర్వాత చెప్పింది, మామూలు గొంతుతో, చుట్టుకొలత చెప్పినట్టు. "ఆరెంజ్ కడితే మీ అమ్మ బయటికి రాదే. లోపల మూటలు కడుతూ కూర్చుంటుంది. మేడ మీంచి నాకు కనిపిస్తుంది. గంటైందా అని అడుగుతుంది. కాలేదంటే మళ్లీ లోపలికి పోతుంది. అందుకే కట్టను. అసలు ఆరెంజ్ జెండా ముట్టుకోను."

 పిచ్చి మాటలాడకు అని కసిరాను. కసిరి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా ఇల్లు ఎదురుగానే ఉంది. వెనక గది లేదు, కూలిన ఇటుకల కుప్ప మీద గడ్డి మొలిచింది. ముందు గది, తలుపు, తాళం ఉన్నాయి.  ఆ తాళం తీసి లోపలికి వెళ్లే ధైర్యం నాకు అప్పటివరకు రాలేదు.

ఆ రాత్రి నుంచి నేను పిన్ని ఇంట్లోనే పడుకున్నాను. ప్రేమ పొంగి కాదు. ఆమె పొద్దున్నే ఏ రంగు కడుతుందో చూడాలి కదా.

మళ్లీ నాలుగు రోజుల ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున ఆరు గంటలకు మెసేజ్ వచ్చింది. నారింజ, రేపు ఉదయం దాకా. పిన్ని చదివి ఎర్ర జెండా మడత తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మెసేజ్‌లో ఏముంది?"

"ఆరెంజ్."

"మరి అదే కట్టు."

"నా వల్ల కాదే."

"పిన్నీ, ఇవాళ నువ్వు ఎరుపు కట్టావంటే ఎవరూ కదలరు. మధ్యాహ్నం నిజం ఎరుపు వస్తే నీ చేతిలో ఇంకో రంగు లేదు. అప్పుడు ఏం కడతావు, నీ చీర కడతావా?"

నాకు అలా అనాలని లేదు. నోరు అమ్మది వచ్చింది. పిన్ని నా వైపు విచిత్రంగా చూసింది, నన్ను కాక నా వెనక ఎవరినో చూసినట్టు. తర్వాత పెట్టె అడుగునుంచి నారింజ జెండా తీసింది. ఏడాదికి పైగా తియ్యనందుకు మడతల దగ్గర రంగు పోయింది. ఇద్దరం మేడెక్కాం. ఆమె వేళ్లు ముడి వెయ్యలేకపోయాయి, నేను వేశాను.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మొదట కుక్కర్ బాబాయ్ బయటికొచ్చి మేడ వైపు చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "ఏమమ్మాయ్, ఇవాళ ఆరెంజా?" అని కింది నుంచి అరిచాడు.

"ఆరెంజే బాబాయ్. నిజం ఆరెంజ్."

ఎరుపుకి కదలని వీధి ఆ నారింజకు కదిలింది. ఏడాదికి పైగా లేని రంగు కనిపించేసరికి, ఈసారి పిన్ని అబద్ధం చెప్పడం లేదని అందరికీ అర్థమైపోయింది. బాబాయ్ తను తిరిగే ఆటోలోంచి పనిముట్ల పెట్టె మెరక మీద దించి, ఖాళీ అయిన ఆటోలో రేడియో తాతని, నిండు నెలల గర్భిణిని బడికి చేర్చాడు. నేను షాపుకి సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. కాగితాలు కట్టారా, మందులు పెట్టారా, ఫోన్లో చార్జింగ్ ఉందా. ఎవరైనా ఎప్పుడు పోవాలమ్మా అని అడిగితే ఒక్కటే మాట చెప్పాను. "ఎరుపు చూడగానే. చూశాక మళ్లీ లోపలికి వెళ్లొద్దు. సర్దుకునేది ఇప్పుడే."

పిన్ని మాత్రం మేడ దిగలేదు. గొట్టం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను టీ తీసుకెళ్తే, "గంటైందా?" అని అడిగింది.

"ఏ గంట పిన్నీ?"

"నేను కాదు, అక్క అడుగుతోంది" అంది, మా ఇంటి తలుపు వైపు చూపించి.

నేను కూడా చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. తలుపు, తాళం, అంతే. టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి దిగిపోయాను.

మూడూ పదికి ఎరుపు వచ్చింది. రెండు నిమిషాల్లో జెండా మారింది, ఈల మోగింది. నేను కింద వీధి మధ్యలో నిలబడి చూశాను. తలుపులు మూసిన చప్పుడు, చెప్పుల చప్పుడు, గుమ్మం దగ్గర కట్టి పెట్టిన కవర్లు చేతిలో పట్టుకుని మనుషులు. మాట్లాడేవాళ్లు లేరు. పదిహేను నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. పొద్దున సిద్ధపడ్డ వీధి అది, అందుకే అంత త్వరగా కదిలింది.

బడి గేటు దగ్గర నోటు పుస్తకం పట్టుకుని లెక్క చూసుకున్నాను. మిగతా ఇళ్లవాళ్లంతా వచ్చారు. పిన్ని రాలేదు.

మేడ మీద జెండా ఒక్కటే ఉంది, మనిషి లేదు. బాబాయ్ నేను వెళ్తానన్నాడు, నేను వినలేదు. ఎరుపు పడ్డాక కిందికి వెళ్లకూడదని పొద్దుట్నుంచి వీధంతా చెప్పిన మనిషిని నేనే. పరుగెత్తాను. వీధిలోకి చీలమండ లోతు నీళ్లు అప్పుడే వచ్చాయి, వాగు హోరు ఇళ్ల వెనక నుంచి వినిపిస్తోంది.

పిన్ని మా ఇంటి తలుపు కొడుతోంది.

గట్టిగా కూడా కాదు. పొద్దున్నే పాలు తెచ్చి కొట్టినట్టు కొడుతోంది. "అక్కా, ఎరుపు కట్టానే. ఈసారి వెంటనే కట్టానే. రా" అంటోంది.

"పిన్నీ, నడు."

"ఉండవే. లోపల మూటలు కడుతోంది. వస్తుంది."

చెయ్యి పట్టి లాగాను. తలుపు గొళ్లెం పట్టుకుంది. అంత బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో, నా వల్ల కాలేదు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. అమ్మ చచ్చిపోయింది పిన్నీ అని అరవబోయాను. ఆమె ఇంట్లో పడుకోవడం మొదలైనప్పటి నుంచీ ఆమె ముఖాన అరుస్తున్నది అదే మాట. ఒక్క పూట కూడా అది ఆమెను ఒక్క అడుగు కదిలించలేదు.

"అమ్మ లోపల లేదు" అన్నాను. "బడికి వెళ్లిపోయింది."

పిన్ని పట్టు కొంచెం సడలింది. "ఎప్పుడు?"

"నువ్వు ఎరుపు కట్టగానే. అందరికంటే ముందు."

"మరి మూటలు?"

"వదిలేసింది. పోతే పోయాయి, ఎవరివో బట్టలు అంది."

పిన్ని నా మొహంలోకి చూసింది. అబద్ధమని తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గొళ్లెం వదిలేసింది. "మంచి పని చేసింది" అని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం గోడలు పట్టుకుంటూ మెరక ఎక్కాం. మేం ఎక్కిన కాసేపటికి వాగు వీధిలోకి తిరిగింది. మా ముందు గది, తలుపు, తాళం, అన్నీ కొట్టుకుపోయాయి.

బడిలో ఎవరో పిన్నికి పొడి తువ్వాలు ఇచ్చారు. ఆమె బల్ల మీద ఒదిగి కూర్చుని తల తుడుచుకుంది. అమ్మ ఎక్కడని ఒక్కసారి కూడా అడగలేదు, ఆ గదిలో నలుమూలలా వెతకనూ లేదు. తల వాల్చి పిల్లలా నిద్రపోయింది.

నేను పుస్తకం తీసుకుని మనుషుల్ని మళ్లీ లెక్కపెట్టాను. ఒకసారి సరిపోయింది. రెండోసారీ సరిపోయింది. అయినా చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను, ఇంకా ఒకరు రావాలి అన్నట్టు.